లిఫ్ట్ పోయింది సార్, వచ్చింది సార్

హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఫెసిలిటీ సూపర్‌వైజర్ అనే జాతి ఒకటుంది. నడుముకు తాళాలగుత్తి, చేతిలో ఫోను, నోట్లో ‘అయిపోతది సార్’ దాని ఆనవాళ్లు. ఏం జరిగినా కమిటీకి వాట్సాప్‌లో చేరవేస్తాడు. దాన్ని ఇన్సిడెంట్ రిపోర్టుగా మార్చే భారం ఆఫీసులోని కుర్రాడి మీద పడుతుంది.

లిఫ్ట్ ఆగిన రోజు వచ్చే వరస ఇలా ఉంటుంది: ‘సార్, బీ బ్లాక్ల రెండో లిఫ్ట్ బందైంది.’ ‘కరెంటు పోయింది సార్, మనమేం చేస్తం.’ ‘ఆంటీ లోపట ఉండె, మన పోరడు తాళంతోని తీసిండు. టెన్షన్ లేదు.’ ‘కంపెనీకి చెప్పినం.’ ‘ఓకే అయింది సార్.’ వెనకాలే ఒక దణ్ణం బొమ్మ. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, రిపోర్టుకు కావలసిందీ దాదాపు ఏమీ లేదు.

మొదటి తంటా టైముతో. సూపర్‌వైజర్ లోకంలో గడియారం ఉండదు. ‘ఇందాక’, ‘పాలాయన వచ్చినప్పుడు’, ‘స్కూలు బస్సుల టైంల’ ఉంటాయి. మెసేజ్ 8:20కి వచ్చింది కదా అని అదే రాసేస్తే తప్పు. అది ఆయన ఫోను తీసిన సమయం, లిఫ్ట్ ఆగిన సమయం కాదు. ఆగింది ఎప్పుడో లాబీ సీసీ కెమెరా చెబుతుంది. అందులో 7:46కి దీపాలు ఆరాయి. అయితే ఆ కెమెరా గడియారాన్ని ఫోనుతో పోల్చి చూస్తే 4 నిమిషాలు ముందుంది. కాబట్టి రిపోర్టులో ఆగిన సమయం 7:42, ఆమె బయటికొచ్చింది 8:07. ‘జరసేపే సార్’ అన్నది 25 నిమిషాలని అప్పుడు తేలుతుంది.

అసలు కథ కారణం దగ్గర మొదలవుతుంది. ‘కరెంటు పోయింది’ అనడంతో సూపర్‌వైజర్ కేసు కొట్టేస్తాడు. కానీ కరెంటు రెండు లిఫ్టులకూ పోయింది. ఆ కాంప్లెక్సులో లిఫ్టులకు జనరేటర్ లైను లేదు. కరెంటు పోతే ఏఆర్‌డీ అనే పెట్టెలోని బ్యాటరీ లిఫ్టును మెల్లగా దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తీయాలి. మొదటి లిఫ్ట్ ఆ పని చేసింది. రెండోది మూడుకూ నాలుగుకూ మధ్య వేలాడింది. అంటే వెతకాల్సింది రెండింటికీ ఉన్న తేడాని. టెక్నీషియన్ వచ్చి చూస్తే రెండో పెట్టెలో బ్యాటరీలు ఉబ్బి, చార్జి నిలవడం లేదు. రిపోర్టులో కారణం ఇలా ఉండాలి: ‘కరెంటు పోయినప్పుడు బ్యాటరీలు పనిచేయక ఏఆర్‌డీ లిఫ్టును అంతస్తుకు చేర్చలేదు.’ బ్యాటరీలను చివరగా ఎప్పుడు పరీక్షించారో సర్వీసు పుస్తకం చూసి పక్కన రాయాలి. అక్కడ ఖాళీ గడి ఉంటే, ఖాళీ అనే రాయాలి. ఈ ఒక్క మాట మీద సూపర్‌వైజర్ అలుగుతాడు.

ఇక ఆయన గర్వంగా చెప్పిన ‘మన పోరడు తాళంతోని తీసిండు’ దగ్గర కలం ఆగాలి. తాళమంటే బయటి తలుపు తెరిచే మూడు మూలల తాళంచెవి. లిఫ్ట్ రెండు అంతస్తుల మధ్య ఉన్నప్పుడు ఆ తలుపు తీస్తే, కేబిన్ అడుగుకూ గడపకూ మధ్య కింద షాఫ్ట్ నోరు తెరుచుకుని ఉంటుంది. దిగబోయి కాలు జారిందో, నేరుగా గొయ్యిలోకే. మెషిన్ రూము ఉన్న లిఫ్టులో పద్ధతి వేరు. మెయిన్ ఆఫ్ చేసి, లోపలున్న మనిషికి ధైర్యం చెప్పి, శిక్షణ పొందినవాళ్లు బ్రేకు వదిలి చక్రం తిప్పి కేబిన్‌ను అంతస్తుకు సమంగా తెచ్చాకే తలుపు తీయాలి. అందుకే కుర్రాడు మూడు ప్రశ్నలు అడగాలి: కేబిన్ సమంగా ఉందా, మెయిన్ ఆఫ్ చేశారా, ఆ పోరడికి ఎవరు నేర్పారు? మూడింటికీ వచ్చే జవాబు ఒకటే: ‘ఏం కాలే కద సార్!’ ఏమీ కాలేదన్నది ఫలితం గడిలో రాయాలి. ఎలా తీశారన్నది, ఉన్నదున్నట్టు, చర్య గడిలోకి వెళ్లాలి.

‘చెప్పినం’ అన్నదాన్ని విప్పడం తేలిక: ఎవరికి, ఎన్నింటికి, ఫిర్యాదు నంబరెంత. ‘ఓకే అయింది’ అన్నదానికి మాత్రం రెండు వరసలు కావాలి. కరెంటు రాగానే లిఫ్ట్ తిరిగింది, అది ఒకటి. బ్యాటరీలు మార్చడం రెండోది, అది ఇంకా కాలేదు. బాధ్యుడి పేరు, గడువు తేదీ పడాలి. మార్చాక కూడా ఖాళీ లిఫ్టు అంతస్తుల మధ్య ఉండగా మెయిన్ ఆఫ్ చేసి, తనంతట తాను చేరి తలుపు తీస్తుందో లేదో చూసేదాకా ఆ వరస మూయకూడదు. అప్పటిదాకా తాళంచెవి సూపర్‌వైజర్ గుత్తిలో కాదు, ఆఫీసు బీరువాలో ఉండాలి.

పేజీన్నర రిపోర్టు చదివి సూపర్‌వైజర్ ఇచ్చే తీర్పు: ‘నేను చెప్పిందే కద సార్, జర లంబాగ రాసిండ్రు.’