తాడుకు కట్టిన పెన్ను

మహారాజశ్రీ మాజీ మేనేజరు గారికి, సూరత్ దగ్గరి సచిన్ నుంచి మీ పాత కలర్ కిచెన్ సూపర్‌వైజరు నమస్కరించి రాయునది.

వాట్సాప్‌లో మీరు పంపిన ఉత్తరం అందింది. "ప్రియ సహచరులారా" అని మొదలైంది కాబట్టి, ఇంకెవరికో పంపబోయి నాకు పంపారేమో అనుకున్నాను. ఇన్నేళ్లలో మీరు నన్ను "ఏయ్ కలర్" అని తప్ప ఇంకోలా పిలిచిన గుర్తు లేదు. తర్వాత తెలిసింది, బాయిలర్ అటెండెంట్‌కీ, మీరు గెంటేసిన ఫోల్డింగ్ వాళ్లకీ కూడా అదే ఉత్తరం వచ్చిందని. గెంటేసిన వాళ్ల నంబర్లు ఇన్నాళ్లూ దాచుకున్నారంటే మీ మనసు వెన్నే.

మార్చి 31తో మిల్లు కొలువు ముగిసిందనీ, ఇరవై ఏడేళ్ల అనుభవాన్ని "పరిశ్రమకు తిరిగి ఇచ్చేందుకు" స్వతంత్ర సలహాదారుగా మారుతున్నాననీ రాశారు. తిరిగి ఇవ్వడం అంటే తీసుకున్న వాళ్లకే ఇవ్వాలి గదా సార్? మీరు పరిశ్రమకు అంటున్నారు. తీసుకున్నదేమో స్టెంటర్ దగ్గరి ఒడియా కుర్రాడి నుంచి.

మీ మొదటి సేవ "దిగుబడి పెంపు" అని చదివి నవ్వాపుకోలేకపోయాను. చదివే వాళ్లందరూ సూరత్‌లో ఉండరు కాబట్టి కాస్త విప్పి చెబుతాను. మన మిల్లుది జాబ్ వర్క్. రింగ్ రోడ్ మార్కెట్ వ్యాపారి గ్రే బట్ట పంపుతాడు. మనం ఉతికి, అద్ది, ఆరబెట్టి మీటరుకింత చొప్పున కూలి తీసుకుని వెనక్కి పంపుతాం. బట్ట ఉడికితే కుంచించుకుపోతుంది కాబట్టి పంపినన్ని మీటర్లు తిరిగి రావు. ఆ తరుగును షార్టేజీ అంటారు. దాని మీద వ్యాపారికీ మిల్లుకీ నిత్యం పంచాయితీయే. లెక్కకు పదివేల మీటర్ల జార్జెట్ లాటు అనుకోండి. ఒప్పుకున్న షార్టేజీ ఎనిమిది శాతమైతే 9,200 మీటర్లు తిరిగి ఇవ్వాలి. వచ్చింది 9,000. మీటరు ముప్పై రూపాయల బట్ట అనుకున్నా, తక్కువైన రెండు వందల మీటర్లకు ఆరు వేలు కూలిలో కోత పడుతుంది. మన మిల్లు షేఠ్ గారికి ఆ ఆరు వేలు గుండెలో గునపం.

మీరు కనిపెట్టిన మందు చెప్పనా? స్టెంటర్ మీద బట్టను పిన్నులకు ఎక్కించేటప్పుడు గొలుసు వేగం కంటే కొంచెం ఎక్కువ బట్టను లోపలికి వదులుతారు. దాన్ని ఓవర్‌ఫీడ్ అంటారు. బట్ట వేడిలో తన సహజమైన కొలతకు సర్దుకోవాలని ఆ వెసులుబాటు. మీరు దాన్ని సున్నా చేయించారు, పైగా ముందు నుంచి లాగించారు. అంతటితో ఆగలేదు. మన స్టెంటర్‌కు మూడేసి మీటర్ల గదులు ఆరు, మొత్తం పద్దెనిమిది మీటర్లు. నిమిషానికి 36 మీటర్ల వేగంతో పోతే బట్ట లోపల ముప్పై సెకన్లు ఉంటుంది. పాలిస్టర్ ముందు తడి వదిలించుకోవాలి, తర్వాత 180 డిగ్రీల దాకా వేడెక్కాలి, ఆ తర్వాతే దాని కొలత స్థిరపడుతుంది. మీరు వేగాన్ని 54కు పెంచారు. ఇరవై సెకన్లే మిగిలాయి. ఆ ఇరవైలో చాలా భాగం వేడెక్కడానికే సరిపోతుంది, స్థిరపడటానికి తీరిక దొరకదు. బయటికి వచ్చిన బట్ట పొడుగ్గా, నున్నగా, కొత్త పెళ్లికొడుకులా కనిపిస్తుంది. ఫోల్డింగ్ మిషన్ 9,200 కొలిచింది. మీరు షేఠ్ గదిలో లస్సీ తాగారు.

కొలత నిజమా కాదా తేల్చడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. ఆ కుర్రాడు ఫోల్డింగ్ నుంచి ఒక తునక తెచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ పెన్ను అడిగి తీసుకుని, పొడుగు వైపు సరిగ్గా 50 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు గీశాడు. నా కిచెన్‌లో బకెట్ నీళ్లలోకి ఆవిరి గొట్టం పెట్టి పది నిమిషాలు ఉడికించాం. నీడలో ఆరేసి కొలిస్తే 48. రెండు సెంటీమీటర్లు ఎగిరిపోయాయి, అంటే నాలుగు శాతం. అయిదున్నర మీటర్ల చీరకు ఇరవై రెండు సెంటీమీటర్లు, జానెడు. కుర్రాడు తునక పట్టుకుని మీ గదికి వచ్చి, "సాబ్, ఇది ఇంట్లో ముడుచుకుపోతుంది" అన్నాడు. మీరు తునక వైపు చూడలేదు. అతని చేతిలోని పెన్ను వైపు చూసి, "గేటు పెన్ను ఇక్కడికెందుకు వచ్చింది?" అని అడిగారు. ఆ సాయంత్రమే గేటు రిజిస్టరు పెన్నుకు తాడు కట్టించారు.

ఆ చీరలు రింగ్ రోడ్ నుంచి హైదరాబాదు బేగంబజారుకు, అక్కడి నుంచి మా కరీంనగర్ జిల్లా దుకాణాలకు వెళ్లాయి. అక్కడ ఎవరో ఆడబిడ్డ కొనుక్కుని ఫాల్ కుట్టించుకుంది. ఒకసారి వేణ్నీళ్లలో ఉతికి ఇస్త్రీ చేసేసరికి చీర ముడుచుకుంది, ఫాల్ ముడుచుకోలేదు. అంచంతా అప్పడంలా ఉబ్బింది. ఆమె ఫాల్ కుట్టిన టైలరును తిట్టింది. సచిన్‌లో చేసిన పాపానికి జమ్మికుంట టైలరు శాపాలు తిన్నాడు. దీన్నే ఇప్పుడు మీరు "దిగుబడి పెంపు" పేరుతో మిల్లు మిల్లుకూ అమ్ముతారు కాబోలు. ఎలా పెరుగుతుందో మీరు చెప్పండి, ఎక్కడ తరుగుతుందో మాత్రం ఆ కుర్రాడినే అడగాలి. వాడి నంబరు మీ దగ్గర ఉండదు. ఎందుకంటే వాడు మిల్లు మనిషి కాదు, ఠేకేదారు మనిషి.

ఇక మీ రెండో సేవ, "మానవ వనరుల వ్యయ నియంత్రణ". ఇందులో మీరు నిజంగా పండితులే, కాదనను. జెట్ల మీద, స్టెంటర్ మీద పన్నెండు గంటల షిఫ్టు చేసేవాళ్లలో ఒక్కడికీ నియామక పత్రం లేకుండా చూశారు. ఎవడికైనా చెయ్యి కాలితే "వాడు మన మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి" అన్నారు. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చేదో అని నేను ఆశ్చర్యపోయేవాణ్ణి. మా స్టాఫ్ వాళ్లకేమో జీతాల చిట్టా మీరే గీశారు. బేసిక్ కొంచెం, మిగతాదంతా రకరకాల అలవెన్సులు. జీతం అంతే చేతికొస్తుంది గదా, బాధేముంది అన్నారు. బాధ ఎక్కడుందో మీ గ్రాట్యుటీ కాగితం చూస్తేనే తెలిసింది.

మీ జీతం లక్షా నలభై వేలు. మీరు గీసిన చిట్టాలో మీ బేసిక్ నలభై వేలు. మీరు దిగేనాటి చట్టంలో గ్రాట్యుటీ లెక్క అందరికీ ఒకటే: చివరి బేసిక్‌ను ఇరవై ఆరుతో భాగించి, పదిహేనుతో, ఆపైన సర్వీసు ఏళ్లతో హెచ్చించేవాళ్లు. నలభై వేలకు, ఇరవై ఏడేళ్లకు వచ్చింది 6 లక్షల 23 వేలు. అదే జీతమంతా బేసిక్‌గా ఉండి ఉంటే చట్టం పెట్టిన 20 లక్షల గరిష్ఠం దాకా వచ్చేది. సుమారు పద్నాలుగు లక్షలు మీ చేతి గీతతోనే పోయాయి. పింఛను సంగతి ఇంకా ముచ్చట. మిల్లు మీకు పీఎఫ్ పింఛను వాటా పదిహేను వేల జీతం మీదే కట్టింది, అదీ మీ పద్ధతే. ఆ లెక్కన ముప్పై ఐదేళ్లు సర్వీసు ఉన్నా నెలకు 7,500 దాటదు. మీకు అంత సర్వీసూ లేదు, పాత ఏళ్లకు లెక్కగట్టే జీతం ఇంకా తక్కువ. గోతిని కొలిచి తవ్వించిన మేస్త్రీ అందులోనే కాలేసినట్టయింది.

సచిన్ ఒకప్పుడు సిద్దీ నవాబుల సంస్థానం. (క్రికెటర్ పేరు మీద వెలిసిన ఊరనుకునే వాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.) తొమ్మిది తుపాకుల వందనం అందుకున్న ఆ నవాబుల రాజ్యం 1948లో బొంబాయి రాష్ట్రంలో కలిసింది. రాజ్యం పోయిన నవాబుకు రాజభరణమైనా దక్కింది. మీకు దక్కింది పదకొండు నెలల ఒప్పందం. అద్దె ఇంటికి రాసుకునే రకం.

అవును సార్, ఉత్తరంలో మీరు రాయని సంగతి మాకు తెలుసు. స్వతంత్ర సలహాదారు గారి మొదటి ఖాతాదారు మన మిల్లే. ఏకైక ఖాతాదారు కూడా. అదే కుర్చీ, అదే తొమ్మిది గంటలు, నెలకు అరవై వేలు. అకౌంట్స్ కుర్రాడు చెప్పాడు: పది శాతం టీడీఎస్ పట్టుకుని మిగతాది ఇస్తారు, పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, సెలవు పెడితే డబ్బు లేదు. ఏడాదికి ఇరవై లక్షలు దాటదు కాబట్టి జీఎస్టీ బాధ తప్పిందని మీరు సంతోషించారట. దాటితే మేమూ సంతోషించేవాళ్లం. సాంకేతిక సలహాదారుగా వచ్చినదాంట్లో సగాన్నే ఆదాయంగా చూపొచ్చు, అదొక్కటీ మీకు లాభమని ఒప్పుకుంటాను. ఒప్పందంలో ఇంకో వాక్యం ఉందట: ఈ వ్యక్తికీ మిల్లుకూ యజమాని–ఉద్యోగి సంబంధం లేదు. మా ఒడియా కుర్రాడికి చదివి వినిపిస్తే, "సాబ్ కూడా ఠేకా మీదకు వచ్చాడా" అన్నాడు. ఎగతాళి కాదు, జాలిగానే అన్నాడు.

స్వతంత్రం వచ్చింది మిల్లుకు సార్, మీ నుంచి. సగానికి తక్కువ జీతానికి అదే మనిషి, బాధ్యత మాత్రం లేదు. వ్యయ నియంత్రణలో మీ శిష్యుడు మీ షేఠే.

మూడో సేవ "భద్రత, పర్యావరణం" గురించి ఎక్కువ రాయను. 2022 జనవరి 6 తెల్లవారుజామున మన సచిన్ జీఐడీసీలోనే ఒక ట్యాంకరు నుంచి కాలువలోకి రసాయనం వదులుతుంటే విషవాయువు లేచి ఆరుగురు కార్మికులు చనిపోయారు. అది మన మిల్లు కాదు, మన ట్యాంకరు కాదు. ఆ వారం మీరు చేసిన భద్రతా చర్య నాకు గుర్తుంది: ప్రెస్ వాళ్లతో ఎవరూ మాట్లాడకూడదని నోటీసు అంటించారు. దీనికి గంటకెంత పుచ్చుకుంటారో ఉత్తరంలో రాయలేదు.

చివర్లో "మీకు తెలిసిన మిల్లుల నంబర్లు పంపగలరు" అని కోరారు. పాండేసరాలో, పల్సానాలో నాకు తెలిసిన కలర్ మాస్టర్లు ఉన్నారు. వాళ్లను అడిగితే, సలహా అవసరం లేదు, స్టెంటర్ నడిపేవాడు ఉంటే పంపమన్నారు. ఒడియా కుర్రాడి నంబరు ఇచ్చాను. పల్సానాలో వాడికి నియామక పత్రం ఇస్తామన్నారట, ఇచ్చాక నమ్ముతాను.

సోమవారం మీరు మిల్లుకు వస్తున్నారని విన్నాను. స్టాఫ్ గేటులో మీ వేలిముద్ర తీసేశారు. సందర్శకుల రిజిస్టరులో పేరు, వచ్చిన పని, లోపలికి వెళ్లిన వేళ రాసి సంతకం పెట్టాలి. ఆ పెన్ను ఇప్పటికీ తాడుకే ఉంది. చాలా రోజులుగా సరిగ్గా రాయడం లేదు. మీది ఒకటి తెచ్చుకోండి.