ఏ x దగ్గర, సార్?

మన ఇంటర్ పిల్లాణ్ణి ఎవర్నైనా అర్ధరాత్రి తట్టి లేపి, ఫలానా అకరణీయ ప్రమేయానికి వ్యాప్తి ఎంతరా అని అడగండి. కళ్ళు నులుముకోకుండానే చెప్పేస్తాడు. "y అనుకోవాలి, అడ్డగుణకారం చెయ్యాలి, x లో వర్గ సమీకరణం వస్తుంది, x వాస్తవం కాబట్టి b² − 4ac ≥ 0, వచ్చిందే ఆన్సర్." చెప్పి మళ్ళీ పడుకుంటాడు. లెక్క మొత్తంలో ఆలోచించాల్సిన చోటు ఒక్కటీ లేకుండా అప్పజెప్పగలగడమే ఈ షార్ట్‌కట్ గొప్పతనం. బిట్టుకు ముప్పై సెకన్లు కూడా పట్టదని సార్లు బోర్డు మీద చిటిక వేసి మరీ చూపిస్తారు.

పద్ధతి మీద నాకు పగేమీ లేదు. అది పుట్టిన చోట చక్కగానే బతుకుతోంది. ఇంటర్ రెండో ఏడాది 2ఎ పుస్తకంలో వర్గ సమాసాల అధ్యాయం చదివిన వాళ్ళందరికీ ఈ లెక్క గుర్తుంటుంది: x వాస్తవమైతే x/(x² − 5x + 9) విలువ −1/11కీ 1కీ మధ్య ఉంటుందని చూపమంటారు. y అనుకుని అడ్డగుణకారం చేస్తే yx² − (5y + 1)x + 9y = 0 వస్తుంది. విచక్షణి (5y + 1)² − 36y². దాన్ని విడగొడితే (1 − y)(1 + 11y). అది రుణాత్మకం కాకూడదు కాబట్టి y ఆ రెండు అంకెల మధ్యే ఉంటుంది. ఇది నికార్సయిన రుజువు. ఎందుకంటే అడిగింది ఒకవైపు సంగతే: ఈ ప్రమేయం తీసుకునే ఏ విలువైనా ఈ గీత దాటదని చూపమన్నారు, అంతే. y అనే విలువ ఏదో ఒక x దగ్గర వచ్చిందంటే ఆ x ఈ సమీకరణానికి మూలమే. అప్పుడు విచక్షణి సున్నాకు తగ్గదు. y = 0 అయ్యి x² గుణకం మాయమైనా సరే, అక్కడ విచక్షణి ఉత్త b² అవుతుంది, వర్గం ఎలాగూ రుణం కాదు. కాబట్టి ఈ దిశలో పద్ధతి ఎన్నడూ మోసం చెయ్యదు.

చిక్కల్లా బోర్డు పరీక్ష ప్రశ్నకు పనికొచ్చిన మందునే ఎంట్రన్స్ బిట్టుకు కూడా తాగించడంలో ఉంది. అక్కడ "మధ్య ఉంటుందని చూపండి" అనరు. "వ్యాప్తి ఏది?" అంటారు. అంటే బయటికి పోదని చెబితే చాలదు, లోపలున్న ప్రతి విలువా నిజంగా వస్తుందని కూడా చెప్పాలి. విచక్షణి పరీక్ష నెగ్గిన y చేతిలో ఉన్నది హాల్ టికెట్ మాత్రమే. హాల్ టికెట్ తీసుకున్న వాళ్ళందరూ పరీక్ష రాసినట్టు లెక్క కట్టే ఇన్విజిలేటర్ ఎక్కడైనా ఉన్నాడా? మన కోచింగుల్లో ఉన్నాడు.

రెండు ప్రమేయాలు తీసుకుందాం. ఒకటి 1/(x² + 1), రెండోది x²/(x² + 1). రెండింటినీ కలిపితే సరిగ్గా 1 వస్తుంది కాబట్టి కవలలనుకోవచ్చు. మొదటిదానికి మంత్రం వేస్తే yx² + (y − 1) = 0. రెండోదానికి వేస్తే (y − 1)x² + y = 0. గుణకాలు స్థానాలు మార్చుకున్నాయి తప్ప రెంటికీ విచక్షణి ఒకటే, −4y(y − 1). అది రుణం కాకూడదంటే 0 ≤ y ≤ 1. కాబట్టి రెండింటి వ్యాప్తీ [0, 1]. బోర్డు మీద కేవలం మూడు లైన్లు. సారుగారు చిటిక వేశారు.

ఇప్పుడు మంత్రం పక్కన పెట్టి ప్రమేయాలను కళ్ళతో చూడండి. 1ని ఎంత పెద్ద అంకెతో భాగించినా సున్నా రాదు. కాబట్టి మొదటిదానికి 0 అనే విలువ లేదు, దాని వ్యాప్తి (0, 1]. రెండోదానిలో లవం ఎప్పుడూ హారం కంటే ఒకటి తక్కువ. కాబట్టి 1 ఎప్పటికీ రాదు, దాని వ్యాప్తి [0, 1). ఒకే విచక్షణి, ఒకే అసమానత. కానీ ఒకరికి కింది కొన లేదు, ఇంకొకరికి పై కొన లేదు. మూడు లైన్ల మంత్రానికి ఈ కవలల్లో ఎవరు ఎవరో కూడా తెలియదు. ఆరో తరగతి పిల్లాడికి ఒక్క చూపులో తెలుస్తుంది.

వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు అడక్కుండా ఉండరు.

"సార్, మొదటిదానికి సున్నా ఏ x దగ్గర వస్తుంది సార్?"

"ఎంట్రన్స్‌లో x అడుగుతారా? ఆప్షన్ అడుగుతారా?"

"ఆప్షనే సార్."

"మరి కూర్చో."

ఆప్షన్లే చూద్దాం. ఇలాంటి బిట్టు కింద తెలివైన పేపర్ సెట్టర్ ఇచ్చే నాలుగూ ఇలా ఉంటాయి: [0, 1], (0, 1), (0, 1], [0, 1). అంటే ఆయన సరిగ్గా ఈ మంత్రం నేర్చుకున్న వాడి కోసమే వల పన్నాడు. మొదటి ఆప్షన్ వాడి కోసం ప్రేమగా అచ్చు వేయించినదే.

అసలు సంగతేమిటంటే, b² − 4ac అనేది వర్గ సమీకరణానికి సంబంధించిన సరుకు. మొదటిదానిలో y = 0 పెడితే x² గుణకమే సున్నా. సమీకరణం −1 = 0గా మిగులుతుంది. దానికి x వాస్తవం కాదు కదా, సంకీర్ణం కూడా లేదు. కానీ అసమానతను అడిగితే "b² సున్నా, సున్నా రుణం కాదు, లోపలికి పంపండి" అంటుంది. ఇక ఆ y ఎందుకు దొరకదో కూడా ఇక్కడే కనిపిస్తుంది. x² గుణకం చచ్చిపోయే y ఏదో, x ఎంతో దూరం వెళ్ళినప్పుడు ప్రమేయం చేరువయ్యే విలువ అదే. x = 1000 దగ్గర మన మొదటి ప్రమేయం 1/1000001. సున్నాకు అంత దగ్గర. ఇంకా దూరం వెళ్తే ఇంకా దగ్గర. కానీ చేరదు. మూలం లేకపోలేదు, అనంతంలో ఉందని సరదాగా చెప్పుకోవచ్చు. సంఖ్యారేఖ మీద మాత్రం ఎంత వెతికినా దొరకదు.

ఈ మాట చెప్పగానే మెటీరియల్ తయారుచేసేవారు ఊరుకోరు. వెంటనే పసుపు రంగు డబ్బాలో సూపర్ ట్రిక్ రెండు అచ్చవుతుంది: "x² గుణకం సున్నా అయ్యే yని తీసెయ్యండి." ఇది మొదటి ట్రిక్ కంటే ప్రమాదం. మళ్ళీ పాఠ్యపుస్తకం లెక్కకే వెళ్ళండి. అక్కడా y = 0 దగ్గర x² గుణకం సున్నాయే. కానీ మిగిలింది −x = 0, అంటే x = 0. ఎదురుగా ప్రమేయంలో x = 0 పెడితే 0/9, సున్నా నిక్షేపంగా వస్తోంది. ట్రిక్ రెండు ప్రకారం కళ్ళముందున్న విలువను వ్యాప్తిలోంచి గెంటెయ్యాలి! ఆ ఒక్క y దగ్గర చెయ్యాల్సిన పని ఏ ట్రిక్కూ కాదు. దాన్ని సమీకరణంలో పెట్టి, మిగిలిన ఏకఘాత సమీకరణానికి మూలం ఉందో లేదో చూడాలి. పది సెకన్లు పడుతుంది. ముప్పై సెకన్ల హామీలో ఆ పది సెకన్లకు చోటు లేదట.

అసలైన వినోదం లవానికీ హారానికీ ఒకే కారణాంకం ఉన్నప్పుడు చూడాలి. (x² − 3x + 2)/(x² − 4x + 3) తీసుకోండి. అడ్డగుణకారం చేస్తే (y − 1)x² − (4y − 3)x + (3y − 2) = 0. విచక్షణి (4y − 3)² − 4(y − 1)(3y − 2). ఓపిగ్గా విప్పితే 4y² − 4y + 1, అంటే (2y − 1)². ఏ y పెట్టినా వర్గమే కాబట్టి ఎప్పుడూ రుణం కాదు. క్లాసు చప్పట్లు. వ్యాప్తి R, బిట్టు పూర్తి.

ఆ చప్పట్ల మధ్య ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. విచక్షణి అంత శుభ్రంగా పూర్ణవర్గం ఎందుకయింది? దాని వెనకాల ఒక పెద్దమనిషి దాక్కున్నాడు: x = 1. సమీకరణంలో x = 1 పెట్టండి. (y − 1) − (4y − 3) + (3y − 2), ఏ y కైనా సున్నాయే. అంటే ఏ y అడిగినా "వాస్తవ మూలం ఉంది సార్" అని చెయ్యెత్తేది ఇతనే. కానీ x = 1 దగ్గర అసలు ప్రమేయం 0/0. అతను ప్రదేశంలోనే లేడు. అడ్డగుణకారం చేసినప్పుడు హారం సున్నా కాకూడదన్న షరతు జారిపోయింది, ఆ సందులోంచి ఇతను లోపలికొచ్చాడు. కారణాంకం కొట్టేస్తే మిగిలేది (x − 2)/(x − 3), x ≠ 1 అన్న షరతుతో. దానికి y = 1 రాదు, ఎందుకంటే x − 2 ఎప్పుడూ x − 3 కాలేదు. x = 1 దగ్గర రావాల్సిన 1/2 కూడా రాదు. కాబట్టి వ్యాప్తి R లోంచి 1, 1/2 తీసేయగా మిగిలినది. విచక్షణి సున్నా అయిన చోటు కూడా సరిగ్గా ఆ 1/2 దగ్గరే. అక్కడ రెండు మూలాలూ కలిసి ఒకటే అయ్యాయి, ఆ ఒక్కటీ మన దొంగ x = 1. 1 తప్ప మిగతా y లకు రెండో మూలం నిజాయితీగా పనిచేస్తోంది కనుక ఈ లోపం బయటపడలేదు.

కాబట్టి రెండు వర్గ సమాసాల భిన్నానికి y లో పూర్ణవర్గం వచ్చిందంటే చప్పట్లు కొట్టకూడదు, లవహారాలను కారణాంకాలుగా విడగొట్టి చూడాలి. సామాన్య కారణాంకం లేకపోతే విచక్షణి ఇలా పూర్ణవర్గం కాదు. ఇంత చక్కని హెచ్చరిక గంటను మన క్లాసుల్లో "లక్కీగా వచ్చింది" అని తుడిచేస్తారు.

ఇక్కడో న్యాయమైన అభ్యంతరం ఉంది. పిల్లలకు టైమేదండీ, ప్రతి కొనా, ప్రతి గుణకం చూస్తూ కూర్చుంటే మిగతా బిట్లు ఎవరు చేస్తారు? నిజమే. కానీ చూడాల్సినది ప్రతిదీ కాదు. x² గుణకం సున్నా అయ్యే y, విచక్షణి సున్నా అయ్యే కొనలు, అంతే. విచక్షణి సున్నా అయ్యే కొన దగ్గర మూలం −b/2a. అదే వెనక బెంచీ అడిగిన x. పాఠ్యపుస్తకం లెక్కలో y = 1కి అది 3, y = −1/11కి −3. పెట్టి చూడండి, 3/3, −3/33, రెండూ కుదిరాయి. కవలల్లో మొదటిదానికి y = 0 దగ్గర −b/2a రాయబోతే 0/0 అని మొహం మీద తలుపేస్తుంది. దొంగ లెక్కలో x = 1 అని ప్రదేశం బయటి చిరునామా ఇస్తుంది.

షార్ట్‌కట్ పక్షం వారి ధీమా ఎంతవరకు వెళ్తుందో చెప్పడానికి ఇంకో నమూనా చాలు. అదే పాఠ్యపుస్తకం లెక్కలో x బదులు sin θ పెట్టి, sin θ/(sin²θ − 5 sin θ + 9) గరిష్ఠ విలువ ఎంత అని అడిగితే, మంత్రం పట్టుకున్నవాడు x అనుకుని, వాస్తవం అనుకుని, 1 అని రాస్తాడు. నిజానికి sin θ ఉండేది −1కీ 1కీ మధ్య. ఆ మేరలో ఈ ప్రమేయం పెరుగుతూనే పోతుంది. కాబట్టి గరిష్ఠం sin θ = 1 దగ్గర, 1/(1 − 5 + 9), అంటే 1/5. కనిష్ఠం −1/15. మంత్రం చెప్పిన 1 రావాలంటే sin θ = 3 కావాలి. సారుగారూ, ఆ θ దొరికితే మాకూ కాస్త చూపించండి.