తలలూపే సభ

తాండూరులో దుమ్ము మారలేదు. నాపరాళ్ల లారీలు మారలేదు. మారింది యజమానులే. 2024 ఒక్క ఏడాదిలో రెండు సిమెంటు కంపెనీలు చేతులు మారాయి. ఆగస్టులో ఇక్కడి పెన్నా సిమెంట్ అదానీల అంబుజాకు వెళ్లింది. డిసెంబరులో ఇండియా సిమెంట్స్, దాంతోపాటు ఇక్కడి మల్కాపూర్ ఫ్యాక్టరీ, బిర్లాల అల్ట్రాటెక్ చేతికి చిక్కాయి. ఊరివాళ్లను అడిగారా? ఎందుకడుగుతారు! కనీసం వాటాదారుల్ని అడిగారా? అడిగారు స్వామీ, పద్ధతి ప్రకారమే అడుగుతారు. ఆ పద్ధతి చూస్తేనే నవ్వొస్తుంది.

ముందు అల్ట్రాటెక్ తెలివి చూడండి. లిస్టెడ్ కంపెనీలో 25 శాతం వాటా చేరితే మిగతావాళ్లకూ ఓపెన్ ఆఫర్ ఇవ్వాలన్నది సెబీ నిబంధన. అందుకని ఇండియా సిమెంట్స్‌లో జూన్‌లో కొన్నది ఎంత? 22.77 శాతం. గీతకు ఇవతలే ఆగారు. ధర షేరుకు గరిష్ఠంగా రూ.267. సరిగ్గా నెల తిరిగేసరికి ప్రమోటర్ల వాటాకు రూ.390 ఇస్తామన్నారు. అప్పుడు గీత దాటారు కాబట్టి అదే ధరకు ఓపెన్ ఆఫర్ కూడా ఇచ్చారు. చట్టం ఎక్కడా తప్పలేదు. కానీ ఆ మధ్యలో, ఏం జరగబోతోందో తెలియక తక్కువ ధరకు అమ్ముకున్న చిన్నవాడి సంగతి? వాడిది దురదృష్టం అంటారు. పెద్దవాళ్లదైతే వ్యూహం!

అయినా అది నయం. కనీసం అక్కడ బజారు ఉంది, ధర ఉంది. పెన్నా అలా కాదు, లిస్టు కాని కంపెనీ. రూ.10,422 కోట్ల విలువ కట్టి అంబుజా కొన్నది. 99.94 శాతం చేతికొచ్చింది. ఇక మిగిలింది 0.06 శాతం. మహాసముద్రంలో ఉప్పురాయి. దాన్నీ వదల్లేదు. 2024 డిసెంబరు 17న విలీన పథకం ప్రకటించారు. అంబుజాలో పెన్నా కలిసిపోతుందన్నారు. బయటి వాటాదారులకు పది రూపాయల షేరుకు రూ.321.50 నగదు. అంతే, దండం పెట్టి బయటికి. అదే రోజు అదే గుంపులోని సంఘీ ఇండస్ట్రీస్‌ వాటాదారులకు మాత్రం వందకు 12 అంబుజా షేర్లు! వాళ్లేమో కొత్త ఇంట్లో అద్దెకైనా ఉండొచ్చు, వీళ్లేమో సామాను సర్దుకోవాలి.

రూ.321.50 తక్కువా, ఎక్కువా? అది నా గొడవ కాదు. సరైన ధరే కావచ్చు. అమ్ముకునే బజారే లేని షేరుకు నగదు దొరకడమే మేలని కొందరు సంతోషించి ఉండొచ్చు కూడా. నా గొడవంతా వద్దనే హక్కు గురించి.

కంపెనీల చట్టం 230వ సెక్షన్ చదవండి. పథకానికి అభ్యంతరం చెప్పాలంటే కనీసం పది శాతం వాటా ఉండాలట. లేదా మొత్తం బకాయిల్లో ఐదు శాతం మీకు రావాల్సి ఉండాలి. బయటివాళ్లందరూ చేతులు కలిపినా 0.06 శాతమే కదా? అడిగినదాంట్లో వందో వంతు కూడా రాదు. నోరు ఉండొచ్చు గానీ తెరవకూడదు! దీనికి పెట్టిన పేరు మైనారిటీ రక్షణ. లిస్టెడ్ కంపెనీలైతే కొన్ని విలీనాల్లో ప్రమోటర్లను పక్కన పెట్టి ప్రజా వాటాదారుల ఓట్లు విడిగా లెక్కించాలని సెబీ అంటుంది. లిస్టు కాని కంపెనీకి ఆ బెడద లేదు.

అయితే అదే సెక్షన్‌లో ఒక ముల్లు మిగిలింది. ఓటేసినవాళ్లలో విలువ ప్రకారం మూడొంతులు సరే అంటే చాలదు, తలల లెక్కన కూడా సగం కంటే ఎక్కువ మంది ఒప్పుకోవాలి. అంటే కోట్ల షేర్లున్న కంపెనీదీ ఒక తలే, పది షేర్లున్న ముసలాయనదీ ఒక తలే. నలుగురు చిన్నవాళ్లు సభకొస్తే లెక్క తారుమారు కావచ్చు. కానీ వస్తేగా! నోటీసు ఏ పాత చిరునామాకు పోతుందో, ఎన్ని పేజీలుంటుందో. విలువ మదింపు నివేదిక నకలు దానికి జతచేయాలని చట్టం. ఎవడు చదువుతాడన్న ధీమాతోనే కదా జతచేసేది?

కాడ్బరీ ఇండియా వాటాదారులు మాత్రం చదివారు. షేరుకు రూ.1,340 ఇచ్చి వెళ్లమన్నారు. వాళ్లు వెళ్లలేదు, బాంబే హైకోర్టులో అడ్డం తిరిగారు. మళ్లీ మదింపు చేయిస్తే 2014లో అదే షేరు రూ.2,014.50 అయింది. మొదటి లెక్క వేసినవాళ్లూ నిపుణులే! మరి తేడా రూ.674.50 ఎక్కడ దాక్కుంది? సంవత్సరాల తరబడి వకీళ్ల ఖర్చు భరించాకే అది బయటికొచ్చింది. ఆ ఖర్చు పెట్టుకోలేని తాండూరు మనిషికి మాత్రం, చెక్కు పుచ్చుకుని సంతకం చేసిరావడమే ప్రజాస్వామ్యం.