మానేసిన తేదీ ఎవరు రాయాలి?

మా రోజుల్లో ఉద్యోగం మారితే పీఎఫ్ బదిలీకి ఫారం 13 నింపేవాళ్లు. ఫ్యాక్టరీ టైమాఫీసులో ఆ కాగితాలు చూసింది నేనే. పాత ఖాతా నంబరు, మానేసిన తేదీ రాయించి, సంతకాలు పెట్టించి పంపేవాళ్లం. పాత ఖాతా ఉన్న పీఎఫ్ ఆఫీసు డబ్బుతో పాటు సర్వీసు వివరాలన్నీ ఉన్న అనెక్షర్ కె కూడా పంపేది. నెలల తరబడి పట్టేది, కాదనను. దారిలో ఫైళ్లు పోయిన వాళ్లూ ఉన్నారు. కానీ మానేసిన తేదీ రిజిస్టర్‌లో ఎక్కించకుండా ఏ మనిషి లెక్కా మూసేవాళ్లం కాదు.

2014లో యూఏఎన్ వచ్చింది. మంచిదే. కానీ నంబరు ఒక్కటైతే ఖాతా కూడా ఒక్కటే అనుకుంటున్నారు ఈ కాలం పిల్లలు. కంపెనీ కంపెనీకీ ఒక మెంబర్ ఐడీ ఉంటుంది, పాత డబ్బు పాత ఐడీలోనే ఉంటుంది. అన్నీ సరిగ్గా ఉంటే దానంతట అదే కదులుతుంది. పాత కంపెనీ మానేసిన తేదీ ఎక్కించకపోతే ఆగిపోతుంది.

మా మేనల్లుడి సంగతి అదే. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నాలుగేళ్లు చేసి ఇంకోదానికి మారాడు. పాత హెచ్ఆర్‌కి ఎన్ని మెయిళ్లు పెట్టినా జవాబు లేదు. మనిషిని పంపించేశాక తేదీ ఒక్కటి ఎక్కించడానికి తీరిక లేదట! ఆఖరి చందా పడి రెండు నెలలు దాటాక, పోర్టల్‌లో Manage కింద Mark Exit నొక్కి ఆధార్ ఓటీపీతో తేదీ వాడే ఎక్కించుకున్నాడు. ఆ తేదీ ఆఖరి చందా పడిన నెలలోదే అయి ఉండాలి. ఒకసారి ఎక్కిస్తే దిద్దుకోవడం కష్టం, అందుకని రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకోమన్నాను. తరవాత Online Services లో One Member – One EPF Account నుంచి బదిలీ అడిగాడు.

డబ్బు వచ్చింది. పాస్‌బుక్‌లో తన వాటా, యజమాని వాటా కనపడ్డాయి, పెన్షన్ గడిలో మాత్రం సున్నా. ‘‘మావయ్యా, పెన్షన్ డబ్బు పోయింది’’ అని ఫోను. పోలేదురా, పెన్షన్‌లో బదిలీ అయ్యేది సొమ్ము కాదు, సర్వీసు. అది అనెక్షర్ కెలో ఉందో లేదో చూసుకో అన్నాను. ఉంది.

‘ఈ తంటా ఎందుకు, పాతది తీసేసుకో’ అని స్నేహితులు వాడికి ముందు చెప్పారట. నెలవారీ పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి. పాత నాలుగేళ్లకి కొత్తచోట ఆరేళ్లు కలిస్తే చాలు. ఫారం 10సి పెట్టి ఆ నాలుగేళ్ల పెన్షన్ సొమ్ము తీసేసుకుంటే కొత్తచోట పదేళ్లూ మొదటినుంచి లెక్క. ఈ మాట కుర్రాడికి చెప్పాల్సింది ఆ కంపెనీ హెచ్ఆర్. మా రోజుల్లో టైమాఫీసు గుమాస్తా చెప్పేవాడు.