మా రోజుల్లో దుమ్మును తూచేవాళ్లం

మా రోజుల్లో గాలిలో దుమ్మెంతుందో చెప్పాలంటే దాన్ని తూచేవాళ్లం. విశాఖపట్నంలో నా ఉద్యోగమే అది. మేడ మీద పంపు పెట్టి నిమిషానికి 1.1 ఘనపు మీటర్ల చొప్పున 8 గంటలు గాలిని లాగితే, 528 ఘనపు మీటర్లు గాజునార ఫిల్టర్ గుండా పోయేది. దాని బరువు 53 మిల్లీగ్రాములు పెరిగితే ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాముల దుమ్మున్నట్టు. కానీ ముందూ వెనకా ఆ ఫిల్టర్‌ను రోజంతా సిలికా జెల్ దగ్గర ఆరబెట్టందే తక్కెడ మీద పెట్టనిచ్చేవారు కాదు మా పైఅధికారి. నీళ్లను దుమ్ము లెక్కలో రాస్తావా అని కసిరేవారు.

ఇప్పుడు చూడండి. మొన్న జనవరిలో మనవడు అరచేతిలో ఇమిడే PMS5003 సెన్సర్ కొన్నాడు. తెల్లవారుజామున "తాతా, 120 ఉంది, కిటికీలు వేసెయ్" అని లేపాడు.

ఆ పెట్టెలో తక్కెడ లేదు. చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది. లేజర్ కిరణానికి అడ్డుపడిన ప్రతి రేణువూ తళుక్కుమంటుంది, పక్కనున్న ఫోటోడయోడ్ ఆ వెలుగును పట్టుకుంటుంది. ఆ మెరుపుల నుంచి ఎన్ని రేణువులో, ఎంత పెద్దవో అంచనా కట్టి, అన్నీ ఒకే రకం పొడి దుమ్మన్నట్టు బరువు చెప్పేస్తుంది. తడిసిందో లేదో దానికి తెలియదు.

వానాకాలంలో డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లదూ? గాలిలోని సముద్రపు ఉప్పూ, పొగల నుంచి పుట్టే అమ్మోనియం సల్ఫేటూ అంతే. తేమ 80 శాతం చేరేసరికి సల్ఫేటు రేణువు నీటిబొట్టయిపోతుంది. 90 దగ్గర దాని అడ్డుకొలత సుమారు 1.7 రెట్లు, అంటే ఘనపరిమాణం దాదాపు అయిదింతలు. రోడ్డు మట్టి అంతగా ఉబ్బదు కాబట్టి మొత్తం అంకె అయిదింతలు కాదు. పొగమంచు పడితే మాత్రం మంచుబొట్లను కూడా దుమ్ముగానే లెక్కేస్తుంది.

అలాగని తెల్లవారుజాము అంకె అంతా అబద్ధమనీ అనను. చల్లని, కదలని గాలిలో పొగ నిజంగానే కిందే నిలుస్తుంది. అందుకే గాలిని కాస్త వేడిచేసి ఆరబెట్టి కొలిచే దగ్గరి స్టేషను అంకె కూడా చూడమన్నాను. తేమ 92 ఉన్నప్పుడు మాది 120, స్టేషనుది 70. మధ్యాహ్నం తేమ 55కి దిగాక మాది 48, వాళ్లది 45. స్టేషనులోనూ తగ్గిన 25 నిజమైన దుమ్ము. పొద్దున మాకు ఎక్కువ కనిపించిన 50లో చాలావరకు నీళ్లే.

అంకె పక్కన తేమ చూపని యాప్‌లంటే నాకు ఒళ్లు మండుతుంది. తేమను బట్టి అంకెను సవరించే సూత్రాలు ఉన్నాయి గానీ, ఒక ఊరి దుమ్ముకు కట్టిన సూత్రం మరో ఊరికి అలాగే నప్పదు. మనవడి చేత నోటుబుక్కులో తేమకి ఒక గడి, స్టేషను అంకెకి ఒక గడి గీయించాను. ఇంకా చలికాలం పేజీలే నిండాయి, వానాకాలం రావాలి.