స్లైడులో చోటు లేదంటే లేదంతే

మా రోజుల్లో ప్రాజెక్టరంటే ఓహెచ్‌పీ. ప్లాస్టిక్ షీటు మీద స్కెచ్ పెన్నుతో రాసి, గాజు మీద పెట్టి లైటు వేసేవాళ్ళం. అక్షరం గోరంత లేకపోతే వెనక వరుసలో పెద్ద ఇంజనీరుగారికి కనిపించదు, కనిపించకపోతే ఊరుకునే మనిషీ కాదు. షీటుకి ఆరేడు పంక్తులు పట్టేవి. ఎనిమిదోది రాయాలంటే పైనున్న వాటిలో ఒకదాన్ని తుడిచెయ్యాల్సిందే. ఏది ఉండాలో ఏది పోవాలో అక్కడే తేలిపోయేది.

ఇప్పుడు పవర్‌పాయింట్‌లో ఎన్ని పంక్తులైనా దూర్చొచ్చు. పెట్టెలో పట్టకపోతే అదే అక్షరాల్ని చీమలంత చేసి పట్టించేస్తుంది. AutoFit అట దాని పేరు! తగ్గించాల్సింది మాటల్ని కదా, అక్షరాల్ని కాదు.

మా తమ్ముడి కొడుకు నీటిపారుదల శాఖలో ఏఈ. ఒక చెరువు మరమ్మతు రిపోర్టుని సమీక్షలో చూపించాలని కూర్చున్నాడు. “పెదనాన్నా, ఒక్క నొక్కుతో అయిపోతుంది చూడండి” అని Slides from Outline నొక్కాడు. అయిపోయింది నిజమే. Heading 1 ఉన్న ప్రతి అధ్యాయమూ ఒక స్లైడైంది, Heading 2 ఉన్నవన్నీ దాని కింద బుల్లెట్లయ్యాయి. వాటి కింది పేరాలు మాత్రం రావు. మూడో అధ్యాయానికి వచ్చిన స్లైడు ఇదీ: పైన ‘చెరువు ప్రస్తుత స్థితి’, కింద ‘కట్ట, తూము, అలుగు, పూడిక’. విషయసూచిక చించి గోడకి అంటించినట్టుంది. కట్టకి ఏమైందో ఎక్కడా లేదు. సరేనని వాడు రిపోర్టులోంచి పేరాలు తెచ్చి అతికించాడు, అక్షరాలు చీమలయ్యాయి. దాంతో ‘ప్రస్తుత స్థితి (కొనసాగింపు)’ అని ఇంకో రెండు స్లైడులు పుట్టాయి.

అబ్బాయ్, ఇలా ఇవ్వు అని లాక్కున్నాను. Outline Viewలో ‘కట్ట’ పంక్తి మీద కర్సర్ పెట్టి Shift+Tab కొడితే అదే సొంత స్లైడైపోతుంది, ఆ మాత్రం నాకూ వచ్చు. అయితే ‘కట్ట’ అన్నది పేరే తప్ప సంగతి కాదు. ‘కట్ట రెండు చోట్ల కోసుకుపోయింది’ అని మార్పించాను. కింద మూడే ముక్కలు: తూము పక్కన 12 మీటర్లు, అలుగు వైపు 5 మీటర్లు, వానలకి ముందే పూడ్చాలి. ఏ కోతకి ఎంత మట్టి, కట్ట మీద ఏయే చెట్లు మొలిచాయి, ఇవన్నీ నోట్స్‌లోకి పోయాయి, అడిగితే చెప్పడానికి. తూముకి ‘షట్టర్ పూర్తిగా దిగడం లేదు’.

అలుగు దగ్గరికొచ్చేసరికి వాడు ఆగాడు. రిపోర్టులో దానికి రెండు పేజీలున్నాయి, చివరికి తేలింది బాగానే ఉందని. బాగున్నదానికి స్లైడెందుకురా? తీసేయించాను. పూడిక సంగతి తిరగబడింది. రిపోర్టులో అదొక చిన్న ఉపశీర్షిక, కానీ డబ్బంతా పోయేది అక్కడే. ఎంత తియ్యాలన్నది ఒక స్లైడు, తీసిన మట్టి ఎక్కడ పొయ్యాలన్నది ఇంకొకటి. ఊరి పేరు, వర్షపాతం, ఆయకట్టు చరిత్ర అంటూ సాగిన మొదటి రెండు అధ్యాయాలూ కలిపి ఒక్క స్లైడు. చివరి అధ్యాయంలో దాక్కున్న ‘ఇంత మంజూరు చెయ్యండి’ని మొట్టమొదటికి తెచ్చాం. రిపోర్టు చదివేవాడు పేజీ వెనక్కి తిప్పుకోగలడు, సమీక్షలో కూర్చున్నవాడికి ఆ సౌకర్యం లేదు.

మేమైతే షీట్లన్నీ బల్ల మీద పరిచి పైపంక్తులు మాత్రం వరసగా చదివేవాళ్ళం. కథ నడవకపోతే షీటు మార్చేవాళ్ళం. ఇప్పుడు Collapse All కొడితే శీర్షికలు మాత్రమే మిగులుతాయి. అంత సులువు చేసిపెట్టినా వాడేవాడెవడు?

పైపంక్తి తప్పితే ఏమవుతుందో కొలంబియా వ్యోమనౌక ప్రమాదం మీద 2003లో వచ్చిన విచారణ నివేదికలో ఉంది. రెక్కకి తగిలిన నురుగు ముక్క గురించి ఇంజనీర్లు నాసాకి చూపిన స్లైడుకి పైన భరోసా ఇచ్చే శీర్షిక పెట్టారు. ఆ ముక్క అంతకుముందు పరీక్షించిన వాటికంటే కొన్ని వందల రెట్లు పెద్దదన్న సంగతి అట్టడుగు బుల్లెట్లో ఉంది. మావాడి రిపోర్టులోనూ తూము కింద మట్టి కొట్టుకుపోతోందన్న మాట ఎక్కడో ఒక పేరా మధ్యలో పడుంది. దాన్ని తవ్వి తీసి శీర్షిక చేశాం.

అంచనా పట్టిక మాత్రం స్లైడుకి లొంగలేదు. ముప్పై వరసలున్న పట్టికని మూడు బుల్లెట్లు చేస్తే ఏ పనికి ఎంతో ఎవడికీ తెలియదు. మొత్తం అంకె తెర మీద పెట్టి, పట్టిక కాగితాలు తీసి తలా ఒకటి ఇమ్మన్నాను. “ఇప్పుడు కాగితాలెవరు ఇస్తున్నారు పెదనాన్నా, సమీక్ష అవగానే పీపీటీ పంపమంటారు, అంతే” అన్నాడు. మూడు బుల్లెట్ల పీపీటీ ఫైల్లో పెట్టుకుని ఏం చేస్తారట? పంపాల్సింది రిపోర్టు. అది అడిగేవాళ్ళే లేరు.