పదహారు కాదు, పదిహేనున్నర

మా రోజుల్లో గదికి టైల్సు ఎన్ని బాక్సులు పడతాయని ఎవడూ అడిగేవాడు కాదు. టైల్సే లేవు కదా. నేను పుట్టిన సోమశిల ఇప్పుడు శ్రీశైలం నీళ్ల కింద ఉంది. ఆ ఇంట్లో మట్టి నేల, దాని మీద పేడ అలుకు. అమ్మ రెండు తట్టల పేడ కలిపితే నడిమిల్లంతా అయిపోయేది, తక్కువ పడితే ఇంకో పిడికెడు తెచ్చేది. దుకాణానికి పోవాలా, షేడ్ కలవాలా?

నేను పని నేర్చుకుని మేస్త్రీనయ్యే నాటికి షాబాదు బండలు, తాండూరు బండలు, ఏటి అవతలి నుంచి బేతంచెర్ల బండలు వచ్చేవి. ఏ రెండు బండలూ ఒకే కొలతలో ఉండేవి కావు. దారం కట్టి, అంచు చెక్కి, సందుల్లో సిమెంటు నింపేవాళ్లం. విరిగిన ముక్క వాకిట్లో పరుచుకునేది, ఇంకా చిన్నదైతే నీళ్ల కాగు కింద చేరేది. వేస్టేజీ అనే మాట ఈ చెవిన పడింది టైల్సు వచ్చాకే.

పోయిన ఏడాది మా మనవడు ముందు గదికి టైల్సు వేయిస్తానన్నాడు. గది పద్నాలుగున్నర అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు. "నేను కొలిచి చెప్తారా" అంటే, "ఫోన్‌లో లెక్క అయిపోయింది తాతా, నువ్ కూసో" అన్నాడు. కూర్చున్నాను.

వాడి లెక్కలో తప్పు పట్టడం కష్టమే. పద్నాలుగున్నరను పదకొండుతో గుణిస్తే 159.5 చదరపు అడుగులు. వేస్టేజీకి పది శాతం కలిపితే సుమారు 175.5. టైలు రెండు బై రెండు, అంటే నాలుగు చదరపు అడుగులు. బాక్సుకు నాలుగు టైల్సు, అంటే పదహారు. 175.5ను పదహారుతో భాగిస్తే పదకొండుకు జానెడు తక్కువ. పదకొండు బాక్సులు. బాక్సు 780 రూపాయలు, మొత్తం 8,580. కొల్లాపూర్ పోయి ఆటోలో వేసుకొచ్చాడు.

టైలు రెండడుగులు కాదు, అక్కడే కొంప మునిగింది. దుకాణంలో అందరూ రెండు బై రెండు అంటారు గానీ బాక్సు మీద అచ్చేసేది 600 మిల్లీమీటర్లు. రెండడుగులంటే 610 మిల్లీమీటర్లు. ఆ పది మిల్లీమీటర్లు ప్రతి టైలులోనూ తగ్గుతాయి కాబట్టి బాక్సు పరిచేది పదహారు కాదు, పదిహేనున్నర చదరపు అడుగులు. 175.5ను పదిహేనున్నరతో భాగిస్తే 11.3 వస్తుంది, అంటే పన్నెండు బాక్సులు కొనాలి. బాక్సు అట్ట మీద 1.44 చదరపు మీటర్లని రాసే ఉంటుంది. చదివేవాడేడీ? కొన్ని చోట్ల ధర అడుగు లెక్కన చెప్పి బాక్సును పదహారు అడుగులుగా బిల్లు వేస్తారు. అడుగు యాభై అయితే బాక్సుకు పాతిక రూపాయలు ఊరికే పోయినట్టు. అందుకే బాక్సు ధరే అడగాలి, జీఎస్టీ అందులోనే ఉందా, పైన వేస్తారా అని కూడా.

నేను శాతాలను నమ్మను. వరుసలు లెక్కపెడతాను. పద్నాలుగున్నర అడుగులంటే 4,420 మిల్లీమీటర్లు. ఏడు టైల్సు పూర్తిగా పడతాయి, ఇంకా 220 మిగులుతుంది. పదకొండు అడుగులంటే 3,353. ఐదు టైల్సు పడి 353 మిగులుతుంది. ఏడైదులు ముప్పై ఐదు పూర్తి టైల్సు. 353 వెడల్పు ముక్క ఒక టైలుకు ఒకటే వస్తుంది, మిగతాది అందుకు చాలదు. అవి ఏడు టైల్సు. 220 ముక్కలు మాత్రం ఒక టైలుకు రెండు తెగుతాయి కాబట్టి ఐదింటికీ, మూల ముక్కకీ కలిపి మూడు టైల్సు చాలు. మొత్తం నేలకు 45. మావాడు తెచ్చిన పదకొండు బాక్సుల్లో ఉన్నవి 44.

ఇంకా స్కర్టింగ్ ఉంది. ఫోన్ లెక్కలో అది లేదు, గోడలు ఫోన్‌కు కనిపించవు కదా. రెండు తలుపులు తీసేస్తే చుట్టూ 45 అడుగులు. నాలుగంగుళాల పట్టీలు ఇరవై మూడు కావాలి. నేల కోతల్లో మిగిలిన ముక్కలను పారేయకుండా చీలిస్తే పదిహేడు పట్టీలు వస్తాయి, తక్కిన ఆరింటికి రెండు టైల్సు. అప్పటికి 47. ఈ కాలపు కుర్ర మేస్త్రీలు కోత ముక్కలు బయట పారేసి స్కర్టింగ్‌కు కొత్త టైలు కోస్తారు. మిషన్ ఉంది, చేయి ఊరుకోదు.

పన్నెండడుగుల గదులది ఇంకో తంటా. ఆరు టైల్సు సరిగ్గా పడతాయనుకుని గోడ దగ్గర మొదలుపెడతారు. చివర 58 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. అందులో రెండంగుళాల పట్టీ ఇరికిస్తే అది విరుగుతుంది, విరక్కపోతే అసహ్యంగా కనిపిస్తుంది. మధ్యలో ఐదు పూర్తివి పెట్టి రెండు గోడల దగ్గరా 329 చొప్పున కోసుకుంటే నేల అందంగా ఉంటుంది. కానీ వరుసకు ఏడు టైల్సు ఖర్చవుతాయి. పది శాతం వేస్టేజీ ఆ గదికి సరిపోదు. పాత ఇంట్లో అయితే రెండు చివర్లా కొలవాలి, మూలకు గునియా పెట్టి చూడాలి. మావి మట్టి గోడల మీద సిమెంటు పూసిన గదులు, మూలలు సూటిగా ఉండవు.

కొల్లాపూర్ నుంచి వస్తుంటే గుంతలో ఆటో ఎగిరి ఒకటి పగిలింది. మిగిలినవి 43. నేలకు రెండు, స్కర్టింగ్‌కు రెండు తక్కువ. మరో బాక్సు కోసం మనవడు మళ్లీ ఆటోకు మూడొందలిచ్చి పోయాడు. అదే పేరు, అదే బొమ్మ, అదే ధర. బ్యాచ్ వేరు. "ఆ బ్యాచ్ అయిపోయింది, ఇదీ అదే" అన్నాడట దుకాణం అతను. తెచ్చి పక్కన పెడితే పాతది మీగడ రంగు, కొత్తది సున్నం రంగు. బట్టీలో కాలిన ప్రతి విడతకూ రంగు కాస్త మారుతుంది, అందుకే బాక్సు మీద బ్యాచ్, షేడ్ నంబర్లు వేస్తారు. కొనేటప్పుడు అన్ని బాక్సులపైనా ఆ నంబర్లు ఒకటేనా అని చూసుకోవాలి.

శ్రీశైలం నీళ్లు వస్తున్నాయని మా గుళ్లను రాయి రాయి విప్పి గట్టు మీదికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అలా విప్పేటప్పుడు ప్రతి రాయికీ నంబరు వేసుకుంటారు, లేకపోతే ఏది ఎక్కడిదో తెలియదు. ఒక్క గది నేలకు నాలుగు అంకెలు చూసుకోలేకపోయాం మేం.

పదమూడు బాక్సులు ఒకేసారి తెచ్చుంటే 10,140 అయ్యేది. పగిలింది పోగా పని అయిపోయి, రేపు ఏదైనా బీటలు వారితే వేయడానికి నాలుగు టైల్సు అటక మీద ఉండేవి. వాడు ఖర్చు పెట్టింది పన్నెండో బాక్సు, రెండో ఆటోతో కలిపి 9,660. నాలుగొందల ఎనభై మిగిలింది, అటక మాత్రం ఖాళీ. ఎప్పుడో ఒక టైలు పగిలితే ఆ బ్యాచ్ ఈ భూమ్మీద దొరకదు.

సున్నం రంగు రెండింటినీ కిటికీ కింద గోడ పక్కన వేయించి, వాటి మీద నా మంచం వేశారు. మొన్న సంగమేశ్వరం చూడ్డానికి వచ్చిన చుట్టాలు రాత్రి మా ఇంట్లో పడుకున్నారు. గాలి కోసం మంచం గుమ్మం దగ్గరికి జరుపుదామని లేచాను. "తాతా, గాలి అక్కడే వస్తది, ఉండు" అని మనవడు ఫ్యాను తెచ్చి పెట్టాడు.